ఒప్పుకోని గంటలకు బిల్లొస్తే ఏం రాయాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సొంతంగా పనిచేసుకునే కన్సల్టెంట్‌ని. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ స్టాకు లెక్కల్ని సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని ఒప్పుకున్నాను. అందులో డేటా ఎక్కించే భాగం మా అన్నయ్య స్నేహితుడి సంస్థకు ఇచ్చాను. గంటకు రూ.1,200, మొత్తం 120 గంటలు మించకూడదు, మించాల్సి వస్తే ముందే ఈమెయిల్‌లో నా అనుమతి తీసుకోవాలి అని కాంట్రాక్టులో ఉంది. జూన్ 28న పని అప్పగించారు. జూలై 3 తేదీతో 171 గంటలకు బిల్లు పంపారు. నేను ఏ అనుమతీ ఇవ్వలేదు. ప్రతి శనివారం టైమ్‌షీట్లు మెయిల్ చేసేవాళ్లు కానీ నేను వాటిని సరిగ్గా చూడలేదు. ఫోన్ చేస్తే "పని జరిగింది కదండీ, కొంచెం అటూ ఇటూ చూసుకుందాం" అంటున్నారు. తెలిసినవాళ్లు, మొహమాటంగా ఉంది. గట్టిగా, అయినా మర్యాదగా ఎలా రాయాలి? కాంట్రాక్టు, బిల్లు, టైమ్‌షీట్లు, మా వాట్సాప్ మెసేజ్‌లు జత చేస్తున్నాను.

సమాధానం: "అటూ ఇటూ చూసుకుందాం" అన్న మాట దగ్గరే ఆగండి. దానికి మీరు ఫోన్లోగానీ వాట్సాప్‌లోగానీ "సరే, ఎంత తగ్గిస్తారు?" అని ఇంకా అడిగి ఉండకపోతే, ఇక అడగొద్దు. తగ్గించమని అడిగారంటే బాకీ ఉందని ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత బేరం ఎంత దగ్గర తెగుతుందన్నదే మిగులుతుంది. మీరు అడగాల్సింది తగ్గింపు కాదు, కాంట్రాక్టు ప్రకారం సరిచేసిన బిల్లు. లెటర్ మొత్తం ఈ ఒక్క తేడా మీదే నిలబడాలి.

రాసే ముందు మీ కాగితాల్లో మూడు చోట్ల చూశాను. ఇలాంటి గొడవల్లో గెలుపోటములు ఎక్కువగా అక్కడే తేలిపోతాయి.

మొదటిది, 120 గంటల గురించి కాంట్రాక్టు వాడిన మాట. చాలా కాంట్రాక్టుల్లో "సుమారు 120 గంటలు" అనో "అంచనా 120 గంటలు" అనో ఉంటుంది. అలా ఉంటే 171 అన్నది అంచనా తప్పిందన్న వాదన అవుతుంది, మీ చెయ్యి కిందవుతుంది. మీ క్లాజు 4లో "120 గంటలకు మించకూడదు" అని ఉంది, మించితే ఏం చేయాలో కూడా దాని కిందే ఉంది. అంటే అది అంచనా కాదు, హద్దు. ఇక్కడ మీరు గట్టిగా ఉన్నారు.

రెండోది టైమ్‌షీట్లు. మీరు చూడలేదన్నది వాళ్లకు దొరికే మొదటి ఆయుధం. "ఆరు వారాలు పంపాం, మీరు ఒక్కసారీ కాదనలేదు" అంటారు. కొన్ని కాంట్రాక్టుల్లో, టైమ్‌షీటు పంపిన ఇన్ని రోజుల్లోగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని ఆమోదించినట్టే అని ఒక వాక్యం ఉంటుంది. ఉండేది చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో. అది ఉంటే నా సలహా వేరుగా ఉండేది. మీ కాంట్రాక్టును చివరిదాకా చదివాను, అందులో అది లేదు. పైగా క్లాజు 4 అడిగేది ముందస్తు రాత అనుమతి. పని అయిపోయాక ఎన్ని గంటలైందో చెప్పే కాగితం, పనికి ముందు అడిగే అనుమతికి బదులు కాదు. మీ మౌనాన్ని సంతకంగా మార్చే వాక్యమేదీ మీరిద్దరూ రాసుకోలేదు. ఇదే మొదటి బిల్లు కావడం కూడా మీకు మేలైంది. ఇంతకుముందు ఇలాగే గంటలు దాటిన బిల్లును మారుమాట్లాడకుండా కట్టి ఉంటే, క్లాజు 4ను మీరే పక్కన పెట్టారని అనేవాళ్లు.

మూడోది మీకు నచ్చకపోవచ్చు. జూన్ 11న మీ వాట్సాప్‌లో ఇలా ఉంది: "రైతువారీ బకాయి రిపోర్టు కూడా చేసేయండి సర్, ఓనరు అడుగుతున్నారు." పని జాబితాలో ఆ రిపోర్టు లేదు. వాళ్లు చేశారు, మీరు తీసుకున్నారు, కోల్డ్ స్టోరేజీకి ఇచ్చారు. టైమ్‌షీటులో దానికి 9 గంటలు పడ్డాయి. వాట్సాప్ మెసేజ్ ఈమెయిల్ కాదు కాబట్టి కట్టను అని మీరు అనొచ్చు. అనొద్దని నా సలహా. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 70 ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని వల్ల ఇంకొకరు లాభం పొందితే, దానికి పరిహారం ఇవ్వాలని దాని సారాంశం. గంటల హద్దు గురించి కాంట్రాక్టులోనే రాసుకున్నారు కాబట్టి మిగతా గంటలకు వాళ్లు ఈ సెక్షన్‌ను పట్టుకోవడం కష్టం. కానీ జాబితాలో లేని పనిని మీరే అడిగి మీరే వాడుకున్న చోట అది నేరుగా మీకు తగులుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అడిగి చేయించుకున్న పనికి డబ్బివ్వడం న్యాయం. ఆ 9 గంటలు ఒప్పుకుంటే మిగతా వాటి మీద మీ మాటకు బరువు పెరుగుతుంది.

మిగిలింది 42 గంటలు. టైమ్‌షీట్లు కలిపి చూస్తే అవి మూడు రకాలు. హైదరాబాద్ నుంచి గుంటూరుకు రెండుసార్లు వెళ్లి వచ్చిన ప్రయాణం 14 గంటలు. కాంట్రాక్టు క్లాజు 6 ప్రయాణానికి టికెట్ ఖర్చు ఇస్తానంటోంది, గంటల లెక్క అనడం లేదు. "అంతర్గత సమన్వయం" పేరుతో 16 గంటలు. అంటే వాళ్లలో వాళ్లు పెట్టుకున్న మీటింగులు. ఇవి క్లాజు 2లోని పని జాబితాలో లేవు. చివరిది "డేటా సవరణ" అని రాసిన 12 గంటలు. జూన్ 19 నాటి మీ మెయిల్ చూస్తే ఇదేంటో తెలుస్తుంది. టిక్కీల, అంటే మిర్చి బస్తాల సంఖ్య ఉండాల్సిన కాలమ్‌లో కిలోల బరువు ఎక్కించారు, అరవై టిక్కీలు పెట్టిన రైతు పేరున రెండు వేల ఏడు వందల టిక్కీలు చూపించింది. కోల్డ్ స్టోరేజీ గుమాస్తా పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. తమ తప్పును తామే సొంత ఖర్చుతో సరిదిద్దాలని క్లాజు 7 చెబుతోంది.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఈ మూడింటినీ వేర్వేరు వాదాలుగా ముందు పెడితే మళ్లీ బేరంలోకే జారతారు. "ప్రయాణంలో సగం వదిలేస్తాం, మీటింగులకు పది గంటలివ్వండి" అంటారు. అందుకే లెటర్‌లో అసలు కారణం ఒక్కటే ముందుండాలి: 120 దాటిన గంటలకు క్లాజు 4 అడిగిన అనుమతి లేదు. అది 42 గంటలకూ వర్తిస్తుంది. ఒకవేళ ఆ అనుమతి ఉందనుకున్నా ఈ గంటలు ఎందుకు చెల్లవో రెండో వరుసలో వస్తుంది. ఈ వరుస మార్చొద్దు.

లెక్క ఇలా తేలుతుంది. వాళ్ల బిల్లు 171 గంటలకు రూ.2,05,200, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.36,936, మొత్తం రూ.2,42,136. మీరు ఒప్పుకునేది 129 గంటలకు రూ.1,54,800, జీఎస్టీ రూ.27,864, మొత్తం రూ.1,82,664. వివాదంలో ఉన్నది రూ.59,472. ఈ మూడు అంకెలూ లెటర్‌లో ఉండాలి. జీఎస్టీ మర్చిపోయి రూ.50,400 అని రాస్తే, మిగిలిన తొమ్మిది వేల పన్ను మీరు ఒప్పుకున్నారన్న గందరగోళం వస్తుంది.

లెటర్ నేనైతే ఇలా రాస్తాను. మీ కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉంది కాబట్టి మీరు ఇంగ్లీషులో పంపాలనుకోవచ్చు. వరుసా అంకెలూ మాత్రం ఇవే ఉంచండి.

"తేదీ: జూలై 10

విషయం: మీ జూలై 3 నాటి బిల్లు. కాంట్రాక్టు క్లాజు 4కు విరుద్ధంగా వేసిన గంటలపై అభ్యంతరం

నమస్కారం.

పై బిల్లు నాకు అందింది. అందులో 171 గంటలకు పన్నుతో కలిపి రూ.2,42,136 అడిగారు. ఈ బిల్లును పూర్తిగా అంగీకరించడం లేదు. కారణాలు కింద రాస్తున్నాను.

1. మన కాంట్రాక్టు క్లాజు 4 ప్రకారం పని 120 గంటలకు మించకూడదు. మించాల్సి వస్తే ఆ గంటలు పని చేయడానికి ముందే నా ఈమెయిల్ అనుమతి తీసుకోవాలి. అలాంటి అనుమతి మీరు అడగలేదు, నేను ఇవ్వలేదు. ఇచ్చినట్టు మీ దగ్గర మెయిల్ ఉంటే దయచేసి దాని ప్రతి పంపండి.

2. వారం వారం మీరు పంపిన టైమ్‌షీట్లు జరిగిన పని గురించిన సమాచారం మాత్రమే. వాటికి జవాబు రాకపోతే ఆమోదించినట్టు భావించాలని కాంట్రాక్టులో ఎక్కడా లేదు.

3. జూన్ 11న నేను కోరిన రైతువారీ బకాయి రిపోర్టుకు మీరు చూపిన 9 గంటలను అంగీకరిస్తున్నాను. ఇది ఈ ఒక్క పనికే పరిమితం. దీనివల్ల క్లాజు 4ను సడలించినట్టుగానీ వదులుకున్నట్టుగానీ కాదు.

4. మిగిలిన 42 గంటలు మొదటి అంశంలో చెప్పిన కారణంగా చెల్లించదగినవి కావు. అది అలా ఉంచినా, వాటిలో 14 గంటలు ప్రయాణ సమయం, క్లాజు 6 టికెట్ ఖర్చును మాత్రమే అనుమతిస్తుంది. 16 గంటలు మీ అంతర్గత సమావేశాలు, ఇవి క్లాజు 2లోని పని కిందికి రావు. 12 గంటలు జూన్ 19న నేను మీ దృష్టికి తెచ్చిన డేటా పొరపాటును సరిదిద్దడానికి పట్టినవి, క్లాజు 7 ప్రకారం ఆ ఖర్చు మీదే.

5. కాబట్టి నేను చెల్లించాల్సింది 129 గంటలకు రూ.1,54,800, జీఎస్టీ రూ.27,864, మొత్తం రూ.1,82,664. క్లాజు 5లోని గడువైన ఆగస్టు 2లోగా ఈ మొత్తాన్ని మీ ఖాతాకు పంపిస్తాను. ఈ చెల్లింపు వివాదంలో లేని భాగానికి మాత్రమే. మిగిలిన రూ.59,472 బాకీ ఉన్నట్టు నేను అంగీకరించడం లేదు.

6. రూ.50,400 విలువకు, దానిపై రూ.9,072 జీఎస్టీకి జూలై 20లోగా క్రెడిట్ నోట్ ఇవ్వండి. ఆ భాగానికి సంబంధించిన ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ నేను తీసుకోలేదు, తీసుకోను.

మీకు భిన్నమైన అభిప్రాయం ఉంటే, ఏ క్లాజు ఆధారంగా అడుగుతున్నారో అదే తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయండి. కాంట్రాక్టు కింద నాకున్న హక్కులన్నీ అలాగే ఉంటాయి.

ఇట్లు,
(సంతకం)

జత: కాంట్రాక్టు 2, 4, 5, 6, 7 క్లాజుల ప్రతి, జూన్ 11 మెసేజ్, జూన్ 19 మెయిల్, గంటల లెక్క పట్టిక"

ఇందులో కోపం మాట ఒక్కటీ లేదని గమనించండి. "మోసం", "అన్యాయం", "షాకయ్యాను" లాంటివి రాస్తే అవతలివాళ్లు ఆ మాటకు జవాబిస్తారు, క్లాజు 4కు ఇవ్వరు. మొదటి అంశం చివర ఉన్న "మెయిల్ ఉంటే ప్రతి పంపండి" అన్న వాక్యాన్ని తీసేయొద్దు. చూడటానికి మెత్తగా ఉన్నా, లెటర్‌లో అన్నిటికన్నా బలమైన వాక్యం అదే. అనుమతి ఉందని చూపాల్సిన పనిని అది వాళ్ల మీద పెడుతుంది. వాళ్ల దగ్గర చూపడానికేమీ లేదని వాళ్లకూ తెలుసు.

ఇంకొకటి, "మా క్లయింట్ ఇంతకంటే ఇవ్వనంటున్నారు" అని మాత్రం ఎక్కడా రాయొద్దు, ఫోన్లోనూ అనొద్దు. మొహమాటం ఉన్నచోట అందరికీ ముందు నోటికొచ్చేది ఆ మాటే. కోల్డ్ స్టోరేజీ మీకెంతిస్తుందన్నదానికీ, మీరు ఈ సంస్థకెంత ఇవ్వాలన్నదానికీ సంబంధం లేదు. ఆ మాట అన్నారంటే, వాళ్లిస్తే మీరూ ఇస్తారన్న అర్థం వస్తుంది.

తేదీల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బిల్లు మీద ఆ సంస్థ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, సూక్ష్మ సంస్థ అని కూడా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఇలాంటి సంస్థలకు రావాల్సిన డబ్బును గట్టిగా కాపాడుతుంది. కాపాడాలి కూడా, చిన్న సంస్థల డబ్బు నెలల తరబడి ఆపేసేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. సేవ అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతలో అభ్యంతరం చెప్పకపోతే దాన్ని స్వీకరించినట్టే లెక్క. కాంట్రాక్టులో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. మీ పని అప్పగించింది జూన్ 28న కాబట్టి ఆ 15 రోజులు జూలై 13తో అయిపోతాయి. గంటల లెక్క మీద వివాదం సరిగ్గా ఆ చట్టం చెప్పే అభ్యంతరం కిందికి వస్తుందా రాదా అని తర్వాత వాదించుకోవచ్చు. ఆ తేదీలోగా మీ రాత వాళ్లకు చేరకపోతే మాత్రం ఆ వాదనకే చోటుండదు. ఫోన్లో చెప్పింది లెక్కకు రాదు.

అందుకే లెటర్‌ను 10వ తేదీనే ఈమెయిల్‌లో పంపండి. నోటీసులు ఏ చిరునామాకు పంపాలో మీ కాంట్రాక్టు చివర్లో ఉంది, మీరు రోజూ మాట్లాడే మెయిల్ ఐడీ అది కాదు. రెండింటికీ పంపండి. అదే రోజు సంతకం చేసిన ప్రతిని స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు కోరుతూ పంపి రసీదు దాచండి. ముందుగా మీ అన్నయ్య స్నేహితుడికి ఒక ఫోన్ చేయడం మర్యాద. "అన్నా, బిల్లు మీద నా అభ్యంతరం రాతలో పంపుతున్నాను, చూసి జవాబివ్వండి" అని మాత్రం చెప్పండి. అంకెల చర్చ ఫోన్లో పెట్టుకోవద్దు. ఆయన పెడితే "లెటర్‌లో ఉంది అన్నా" అని ఆగిపోండి. మీ అన్నయ్యను మధ్యవర్తిగా పెట్టకండి. ఆయన మంచి మనసుతో "సగం సగం చేసుకోండి" అంటారు, కాదనలేరు.

ఒప్పుకున్న డబ్బును ఆపొద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే, క్రెడిట్ నోట్ వచ్చేదాకా మొత్తం ఆపేస్తారు. అప్పుడు గడువు దాటించినవాళ్లు మీరవుతారు, వడ్డీ మాట వాళ్లెత్తుతారు, 42 గంటల సంగతి పక్కకు పోతుంది. క్రెడిట్ నోట్ వచ్చినా రాకపోయినా ఆగస్టు 2లోగా రూ.1,82,664 పంపేయండి. పంపిన రోజే యూటీఆర్ నంబరుతో ఒక చిన్న మెయిల్ ఇవ్వండి: "వివాదంలో లేని భాగం చెల్లించాను, మిగతా దానిపై జూలై 10 నాటి నా లెటర్ అలాగే నిలిచి ఉంది." కిందటి ఏడాది మీ వసూళ్లు 50 లక్షలు దాటి ఉంటే టీడీఎస్ కోసేది పన్ను కలపని మొత్తం మీద అని గుర్తుంచుకుని, ఆ లెక్క మెయిల్‌లో చూపించండి.

ఇప్పుడు అసలు ప్రమాదం మీ అకౌంటెంట్ బల్ల దగ్గర ఉంది. మీరెంత చక్కని లెటర్ రాసినా, ఆయన అలవాటుగా రూ.2,42,136 మొత్తాన్ని మీ పుస్తకాల్లో బాకీగా ఎక్కిస్తే, ఏడాది చివర వాళ్లు పంపే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితం మీద సంతకం పెట్టి పంపేస్తే, ఆ కాగితమే రేపు మీ మీద సాక్ష్యం. "లెటర్ రాశాక కూడా తన పుస్తకాల్లో ఒప్పుకున్నారు" అంటారు. అలాగే ఆ బిల్లు జీఎస్టీ పోర్టల్‌లో మీ పేరున కనిపిస్తుంది. అక్కడి ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో దాన్ని పెండింగ్‌లో పెట్టమని చెప్పండి. ఊరికే వదిలేస్తే ఒప్పుకున్నట్టుగానే లెక్కలోకి వచ్చి మొత్తం క్రెడిట్ మీ ఖాతాలోకి వచ్చేస్తుంది. వివాదం అంటూనే రూ.9,072 క్రెడిట్ వాడుకుంటే ఆరో అంశంలో మీరు రాసింది అబద్ధమవుతుంది. ఈ లెటర్ ప్రతిని ఆయనకు ఈ రోజే ఇవ్వండి.

"మేం ఆ జీఎస్టీ కట్టేశాం, ఇప్పుడేం చేయలేం" అని వాళ్లంటే నమ్మకండి. బిల్లులో వేసిన విలువ ఉండాల్సినదానికంటే ఎక్కువైతే తగ్గించుకోవడానికే కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఉంది. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు వాళ్లు దాన్ని రిటర్నులో చూపించుకోవచ్చు, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే అప్పటివరకు. మీరు ఆ క్రెడిట్ తీసుకోలేదని రాసివ్వడం వాళ్లకు పని సులువు చేస్తుంది.

ఒక్క విషయం లెటర్ పంపక ముందే చేయండి. సాఫ్ట్‌వేర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? జూన్ 28 నాటి అప్పగింత మెయిల్‌లో యూజర్ లాగిన్లు కనిపించాయి, అడ్మిన్ లాగిన్ కనిపించలేదు. అది వాళ్ల దగ్గరే ఉంటే మామూలు పనిగా అడిగి తీసుకోండి, పూర్తి బ్యాకప్ కూడా తీసుకోండి. అప్పగింతలో అది భాగం, మీ హక్కు. గొడవ మొదలయ్యాక అడిగితే "డబ్బు కట్టండి, ఇస్తాం" అనే అవకాశముంది. సీజన్ మధ్యలో రైతుల స్టాకు లెక్క ఆగిపోతే మీ క్లయింట్ ముందు మీరు నిలబడలేరు.

జవాబు ఎలా వస్తుందన్నది మీ చేతిలో లేదు. క్రెడిట్ నోట్ వస్తే అక్కడితో అయిపోయింది. జూలై 20 దాటినా ఏమీ రాకపోతే రెండు వాక్యాల రిమైండర్ చాలు, కొత్త వాదనలు చేర్చొద్దు. ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళతామని అంటే భయపడకండి. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే మధ్యవర్తిత్వ విచారణ ఉంటాయి. గడువులో ఒప్పుకున్న డబ్బు కట్టి, 15 రోజుల్లోగా రాతలో అభ్యంతరం చెప్పి, కారణాలు క్లాజులతో చూపిన మనిషి అక్కడ చెప్పుకోవడానికి ఇబ్బంది పడరు. నోటీసు వస్తే మాత్రం మీరే జవాబు రాయకుండా వకీలుకు చూపించండి.

అన్నయ్య స్నేహం కోసం చివరికి ఎంతో కొంత ఇవ్వాలని మీకే అనిపిస్తే, అది మీ ఇష్టం, తప్పు లేదు. ఇచ్చేది గంటల లెక్కన కాకుండా ఒకే మొత్తంగా ఇవ్వండి. ఇచ్చే ముందు ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాసుకోండి: ఫలానా బిల్లు కింద ఇక ఎవరికీ ఏమీ రావాల్సింది లేదు, ఈ మొత్తం బాధ్యత ఒప్పుకోకుండా ఇస్తున్నది, క్లాజు 4 యథాతథంగా ఉంటుంది, మిగతా మొత్తానికి క్రెడిట్ నోట్ వారంలోగా ఇస్తారు. ఆ కాగితం చేతికొచ్చాకే డబ్బు పంపండి.